ఫ్రిజ్ తలుపు రబ్బరు పట్టు తప్పిందా? కాగితపు ముక్కతో పరీక్ష, సబ్బునీళ్లతో చికిత్స

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో వేసవి వచ్చిందంటే ఫ్రిజ్ మీద ఒకటే ఫిర్యాదు: మోటారు ఆగడం లేదు, అయినా లోపల చల్లదనం చాలడం లేదు. రాత్రి పెట్టిన దోసెపిండి ఉదయానికే పొంగుతుంది, పెరుగు ఒక్క పూటకే పులుస్తుంది. చాలామంది వెంటనే గ్యాస్ అయిపోయిందనుకుంటారు. అలా అనుకునే ముందు ఫ్రీజరును ఒకసారి చూడండి. గ్యాస్ తగ్గిన ఫ్రిజ్‌లో సాధారణంగా మంచు సరిగా కట్టదు, కట్టినా ఒక పక్కనే కడుతుంది. తలుపు సరిగా మూసుకోని ఫ్రిజ్‌లో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. బయటి తేమ లోపలికి చేరి ఫ్రీజరులో మంచు దిట్టంగా పేరుకుంటుంది, మామూలు కన్నా త్వరగా కరిగించాల్సి వస్తుంది. తలుపు అంచు వెంట నీటి చుక్కలు, రబ్బరు మడతల్లో నల్లటి బూజు మచ్చలు కూడా కనిపిస్తే అనుమానం దాదాపు తలుపు రబ్బరు మీదే. మెకానిక్కులు దీన్ని గ్యాస్కెట్ అంటారు.

చూడడానికి పాతబడినట్టున్న ప్రతి గ్యాస్కెట్టూ పాడైపోయినట్టు కాదు. పట్టు తప్పిన చోటు చాలాసార్లు ఒక మూలో, కింది అంచులో ఒక జానెడు భాగమో అయి ఉంటుంది. అక్కడ పట్టు తప్పడానికి కారణం ఎండిన పిండి, పాలు, మామిడిరసం కావచ్చు. ఆ చోటు ఏదో కచ్చితంగా తెలుసుకుని, శుభ్రం చేసి, మళ్లీ పరీక్షించిన తర్వాతే కొత్త రబ్బరు గురించి ఆలోచించాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇందుకు కావలసినవి కాగితం, కత్తెర, పెన్సిలు, సెల్లోటేపు, గోరువెచ్చని సబ్బునీళ్లు.

రబ్బరు తలుపును ఎలా పట్టి ఉంచుతుంది

మనం రబ్బరు అని పిలిచేది నిజానికి చాలా ఫ్రిజ్‌లలో మెత్తటి పీవీసీ ప్లాస్టిక్కు. దాని లోపల చుట్టూతా ఒక అయస్కాంతపు పట్టీ ఉంటుంది. తలుపు దగ్గరకు రాగానే ఆ పట్టీ ఫ్రిజ్ ముందు అంచులోని ఇనుప రేకును పట్టుకుంటుంది. పట్టీ వెనుక ఉన్న బోలు మడత సాగి, అయస్కాంతం ముందుకు కదిలి రేకును తాకేలా చేస్తుంది. అంటే పట్టు నిలవడానికి రెండు కావాలి. మడత స్వేచ్ఛగా సాగాలి, రబ్బరుకూ రేకుకూ మధ్య ఏమీ అడ్డు ఉండకూడదు. ఎండిపోయిన పిండి పొర కాస్త మందంగా ఉన్నా చాలు, అయస్కాంతం రేకుకు దూరమై పట్టు బాగా తగ్గిపోతుంది. మడతల్లోకి జారిన పాలో పానకమో ఎండితే మడత అతుక్కుపోయి, సాగాల్సినప్పుడు సాగదు.

గ్యాస్కెట్ నాలుగు వైపులూ ఒకే రకంగా పనిచేయవు. హ్యాండిల్ వైపు రబ్బరు తలుపుతో పాటే తిన్నగా వచ్చి రేకుకు తగులుతుంది. మడతబందు వైపు మాత్రం తలుపు మూసేటప్పుడు రబ్బరు రేకు మీద కొంత జారుతూ నొక్కుకుంటుంది. అందుకే అటువైపు రబ్బరు ఎండినా, జిగటగా ఉన్నా లోపలికి ముడుచుకుపోతుంది. పరీక్ష ఫలితం చదివేటప్పుడు ఈ తేడాను మనసులో పెట్టుకోండి.

కాగితపు ముక్కలు పెట్టడం

సాధారణంగా చెప్పే పద్ధతి ఇది: తలుపు తెరిచి, కాగితం పెట్టి, మూసి, వెంటనే లాగి చూడండి. ఇందులో ఒక చిక్కుంది. తలుపు తెరిచినప్పుడు వేడిగాలి లోపలికి వెళుతుంది. మూయగానే అది చల్లబడి కుంచించుకుంటుంది. లోపలి పీడనం తగ్గడంతో బయటి గాలి తలుపును లోపలికి నొక్కుతుంది. ఇప్పుడే మూసిన ఫ్రిజ్‌ను వెంటనే మళ్లీ తెరవబోతే బిగుసుకున్నట్టు అనిపించేది ఇందువల్లే. ఆ సమయంలో లాగితే వదులుగా ఉన్న చోట కూడా కాగితం గట్టిగా పట్టినట్టే అనిపిస్తుంది. తలుపు తీసి ఒక్కో చోట ఒక్కో ముక్క పరీక్షిస్తూ పోతే ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కాబట్టి అన్ని ముక్కలూ ఒకేసారి పెట్టి, తలుపు మూసి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, మళ్లీ తెరవకుండా ఒక్కొక్కటే లాగాలి.

మామూలు తెల్ల ఏ4 కాగితాన్ని 2 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కత్తిరించండి. కరెన్సీ నోటుతో చేసేవారు ఉన్నారు గానీ, నోట్లు కొన్ని కొత్తవి, కొన్ని నలిగినవి. అన్ని చోట్లా ఒకే రకం కాగితం ఉంటేనే పోలిక కుదురుతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌కు 16 ముక్కలు సరిపోతాయి: పైన 3, కింద 3, రెండు పక్కలా అయిదేసి. రెండు తలుపుల ఫ్రిజ్ అయితే ఫ్రీజరు తలుపుకు వేరే వరుస పెట్టండి, దానికి వేరే గ్యాస్కెట్ ఉంటుంది. పై ఎడమ మూల నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కులో 1, 2, 3 అని పెన్సిలుతో రాయండి. సిరా తేమకు కారిపోతుంది.

పెట్టే ముందు రబ్బరునూ, రేకునూ పొడి గుడ్డతో తుడవండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు పడే రోజుల్లో రబ్బరు మీద సన్నని నీటిపొర ఉంటుంది. కాగితం దానికి అతుక్కుని, పట్టు బాగుందని పొరపడేలా చేస్తుంది. తుడవడం అంటే తడి తీయడం మాత్రమే, మురికిని ఇప్పుడు కదల్చకండి. అది ఎక్కడుందో చూడడమే ఈ పరీక్ష పని.

ప్రతి ముక్కలో 5 సెంటీమీటర్లు లోపలికి, మిగతాది బయటికి ఉండేలా అమర్చి, బయటి కొసను ఫ్రిజ్ పక్క గోడకు చిన్న సెల్లోటేపు ముక్కతో అంటించండి. మూలల దగ్గర ముక్కలను మూలకు 3, 4 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి, ఎందుకంటే రబ్బరు ఎక్కువగా చెడేది మూలల్లోనే. ఫ్రిజ్ గోడకు ఆనుకుని ఉంటే కొంచెం ముందుకు జరపాల్సి వస్తుంది. తలుపును బలంగా కొట్టకుండా, రోజూ మూసినట్టే మూయండి.

లాగడం, ఫలితం చదవడం

వ్యవధి గడిచాక టేపులు ఊడదీసి, ముక్కను తలుపు అంచుకు లంబంగా, మెల్లగా లాగండి. పక్కకు వంచి లాగితే కాగితం చిరుగుతుంది, ఫలితమూ తప్పుతుంది. పట్టు బాగున్న చోట కాగితం కదులుతుంది గానీ వేళ్లకు స్పష్టంగా ఆపుతున్న బలం తెలుస్తుంది. ఆ బలం ఎంత ఉండాలో బయటి కొలమానం అక్కర్లేదు. మీ తలుపులోనే అన్నిటికన్నా గట్టిగా ఉన్న ముక్కతో మిగతావాటిని పోల్చండి. ఏ బలమూ లేకుండా జారి వచ్చిన చోటు వదులు. ఈ రెంటికీ మధ్య ఉన్నది మధ్యస్థం. ఒక కాగితం మీద తలుపు బొమ్మ గీసి, ఆ 16 చోట్లా గట్టి, మధ్యస్థం, వదులు అని రాసుకోండి.

ముక్క చిరిగిపోతే, లేదా అంటుకుని తడబడుతూ వస్తే, దాన్ని గట్టి పట్టుగా లెక్కించకండి. అక్కడ జిగట ఉందని అర్థం. కాగితాన్ని జిగట పట్టుకుంది, అయస్కాంతం కాదు.

ఇప్పుడు బొమ్మ వంక చూడండి. ఒకటి రెండు చోట్లే వదులుంటే కారణం ఆ చోట్లోనే ఉంటుంది: మురికి, మడత, పగులు. ఒక పక్క పై నుంచి కింది దాకా ఒకే తీరున వదులుగా ఉంటే రబ్బరు కన్నా తలుపును అనుమానించాలి. తలుపు అరల్లోని సీసాలన్నీ తీసేసి, కూరగాయల డబ్బా పూర్తిగా లోపలికి తోసి, మళ్లీ పరీక్షించండి. లోపలి గిన్నె ఏదైనా తలుపును ఆనుకుని బయటికి నెడుతుండవచ్చు. అయినా అలాగే ఉంటే ఫ్రిజ్ ముందు కాళ్లు సర్ది, ముందుభాగం వెనుకకన్నా కాస్త ఎత్తుగా ఉండేలా చేయండి. తలుపును సగం తెరిచి వదిలితే దానంతటది మూసుకునే వైపు వాలాలి. మడతబందు అరిగి తలుపు వేలాడుతుంటే అది మెకానిక్కు పని, శుభ్రం చేసినా ఫలితం ఉండదు.

కాగితానికి ఒక పరిమితి ఉంది. అది పట్టు ఎంతో చెబుతుంది గానీ, కాగితం పెట్టని చోట ఉన్న సన్నని చీలికను చెప్పదు. మూల చివర, అంటే రెండు పట్టీలు కలిసే అతుకు దగ్గర, అనుమానం ఉంటే రాత్రి లైట్లు ఆర్పి, వెలిగించిన చిన్న టార్చిని లోపల మూలవైపు తిప్పి పెట్టి తలుపు మూయండి. బయట వెలుగు గీత కనిపిస్తే అక్కడ ఖాళీ ఉన్నట్టే.

చిత్తూరులో ఒక ఇల్లు

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండే మా పెద్దమ్మ ఇంట్లో 190 లీటర్ల ఒంటి తలుపు ఫ్రిజ్ ఉంది, మడతబందు కుడివైపు. మామిడికాయల కాలంలో అందులో తోతాపురి ముక్కలు, రసం, పెద్ద గిన్నె నిండా దోసెపిండి, మల్లెపూలు అన్నీ చేరతాయి. “గ్యాస్కెట్ మార్చాలన్నారు నాయనా, నువ్వొకసారి చూసిపో” అని పెద్దమ్మ పిలిచింది. 16 ముక్కలు పెట్టి చూస్తే పైన మూడూ గట్టి. మడతబందు వైపు 5వ నంబరు ముక్క మధ్యస్థం, మిగతావి గట్టి. కింద 9వ ముక్క చిరిగింది, 10, 11 వదులు. హ్యాండిల్ వైపు అడుగున ఉన్న 12వదీ వదులు, దాని పైవన్నీ గట్టి. అంటే లోపం కింది అంచు, హ్యాండిల్ వైపు కింది మూల వరకే పరిమితమై ఉంది. తలుపు వాలితే ఇలా ఉండదు. మడత విప్పి చూస్తే గట్టిపడిన పిండి, మామిడిరసం జిగట. తలుపు అరలోంచి, పై గిన్నెలోంచి కారినదంతా చివరికి చేరేది అక్కడికే.

శుభ్రం చేసే తీరు

ముందు ప్లగ్గు తీసేయండి. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేస్తే చాలు. నురుగు ఎక్కువైతే కడగడమే పెద్ద పని అవుతుంది. పెద్దమ్మ ఫ్రిజ్‌లోలా పిండి గట్టిపడి ఉంటే దాన్ని గీకకండి. కత్తి మొన గానీ, చెంచా అంచు గానీ రబ్బరును చీల్చేస్తాయి. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డను ఆ మడత పొడవునా పరిచి 10 నిమిషాలు వదిలేయండి. పిండి నాని మెత్తబడుతుంది. తర్వాత వేలితో మడతను విప్పి పట్టుకుని, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో మడత పొడవు వెంట రుద్దండి. అడ్డంగా గట్టిగా రుద్దితే అంచులు లేచిపోతాయి. బ్రష్ వెళ్లని మూలల్లోకి ఐస్‌క్రీం పుల్లకు గుడ్డ చుట్టి పంపండి. పై నుంచి కిందికి రండి, కింది అంచును చివర చేయండి.

చాలామంది మరిచే చోటు ఒకటి ఉంది. రబ్బరు వచ్చి తగిలే ఫ్రిజ్ ముందు అంచు, ఆ రంగు వేసిన రేకు. రబ్బరును ఎంత కడిగినా రేకు మీద జిగట మిగిలితే పట్టు రాదు. దాన్ని చుట్టూతా అదే సబ్బుగుడ్డతో తుడవండి. వేలిని పొడవునా జరిపి చూడండి. గరుకు తగిలితే మళ్లీ నానబెట్టండి. ఆ రేకు తుప్పు పట్టి ఉబ్బిపోయి ఉంటే మాత్రం ఏ రబ్బరూ అక్కడ సరిగా ఆనదు.

సబ్బు పోయేలా మంచినీళ్లలో పిండిన గుడ్డతో రెండు సార్లు తుడవండి. మిగిలిన సబ్బుపొర దుమ్ము పడుతుంది. బోరు నీళ్లు ఆరాక తెల్లటి మచ్చలు పడే ఇళ్లలో చివరి తుడుపు తాగే క్యాన్ నీళ్లతో చేయడం మేలు. ఇప్పటికే రబ్బరు మీద తెల్లటి పొర గట్టిపడి ఉంటే, సగం వెనిగరు, సగం నీళ్లు కలిపిన గుడ్డను రెండు మూడు నిమిషాలు ఆనించి, కడిగేయండి. ఇనుప రేకు మీద వెనిగరు పడనీయకండి. ఆ తర్వాత పొడి గుడ్డతో మడతల లోపల కూడా తడి లేకుండా తుడవండి.

బూజు మచ్చలు సబ్బుతో, బ్రష్‌తో చాలావరకు పోతాయి. రంగు మిగిలినా మడత శుభ్రంగా సాగుతుంటే పట్టుకు నష్టం లేదు. ఆ మిగిలిన మచ్చ కోసం బ్లీచింగు గానీ, బాత్‌రూం కడిగే యాసిడ్ గానీ వాడకండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ పీవీసీని మెత్తగా ఉంచే పదార్థాన్ని లాగేస్తాయి, కొంతకాలానికి రబ్బరు గట్టిపడి పగులుతుంది. కొబ్బరినూనె రాయడం కూడా మంచిది కాదు. నూనె దుమ్మునూ పిండినూ పట్టుకుని మళ్లీ జిగటే అవుతుంది.

పూర్తిగా ఆరాక ప్లగ్గు పెట్టి, ఫ్రిజ్ కాసేపు చల్లబడనిచ్చి, ముందులాగే 16 ముక్కలతో పరీక్షించండి. పెద్దమ్మ ఇంట్లో 9, 10, 12 గట్టిబడ్డాయి. 11 మాత్రం వదులుగానే మిగిలింది. మూల దగ్గర మడత అంచు లోపలికి ముడుచుకుని, ఎన్నాళ్లుగానో అదే ఆకారంలో నిలిచిపోయింది. అది మురికి కాదు, కడిగితే పోయేది కాదు.

ముడుచుకున్న రబ్బరుకు ఆకారం తెప్పించడం

పీవీసీ వేడికి మెత్తబడి, చల్లారినప్పుడు ఉన్న ఆకారాన్ని నిలుపుకుంటుంది. చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గుడ్డను ముంచి, పిండి, ముడుచుకున్న చోట ఒకటి రెండు నిమిషాలు ఆనించండి. చల్లారగానే మళ్లీ ముంచండి. ఇలా కొద్ది సార్లు చేశాక రబ్బరు మెత్తబడినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు అంచును మెల్లగా బయటికి లాగి, మడతను సరిచేసి, తడి తుడిచి తలుపు మూయండి. రెండు మూడు గంటలు తెరవకండి. హెయిర్ డ్రయ్యరు ఉంటే తక్కువ వేడిలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకే చోట నిలపకుండా కదుపుతూ వాడవచ్చు. ఆ గాలి ఫ్రిజ్ లోపలి ప్లాస్టిక్కు మీదికి పోనీయకండి, అది వంకర తిరుగుతుంది. నీళ్ల పని, డ్రయ్యరు పని కలపకండి.

ఆ తర్వాతా అంచు మళ్లీ లోపలికే పోతుంటే, దీపానికి వాడే దూది వత్తిని కొంచెం లావుగా పేని, రబ్బరుకూ తలుపుకూ మధ్య ఉన్న మడతలో ఇమిడ్చి రాత్రంతా ఉంచండి. అది అంచును ముందుకు నెట్టి పెడుతుంది. రేకును తాకే ముఖం మీద మాత్రం దూది ఉండకూడదు. ఉదయం తీసేయండి. మా పెద్దమ్మ ఫ్రిజ్‌లో 11వ చోటుకు ఇదే చేశాం. మర్నాటి పరీక్షలో అది మధ్యస్థానికి వచ్చింది, పూర్తిగా గట్టి కాలేదు. కానీ ఆ రోజంతా కింది అంచున నీటి చుక్కలు కట్టలేదు, మోటారు మధ్యలో ఆగుతూ తిరిగింది. కాగితం ఫలితం కన్నా ఈ రెండు గుర్తులకు ఎక్కువ విలువ ఇవ్వాలి.

మడతబందు వైపు మధ్యస్థంగా ఉన్న 5వ చోటుకు వాసెలిన్ రాశాం. బియ్యపు గింజంత వాసెలిన్‌ను ఆ పక్క పొడవునా వేలితో పలచగా రాసి, గుడ్డతో తుడిచేశాం. వేలికి నునుపు తెలియాలి, జిడ్డు తెలియకూడదు. రబ్బరు రేకు మీద జారేటప్పుడు ముడుచుకోకుండా ఇది సాయపడుతుంది. హ్యాండిల్ వైపుకు దీని అవసరం లేదు. వాసెలిన్ రాయడం ఎప్పుడైనా కాగితం పరీక్షలన్నీ అయ్యాకే. ముందు రాస్తే పట్టు బాగున్న చోట కూడా కాగితం జారిపోతుంది.

ఎక్కడ ఆగాలి

రబ్బరు చిరిగి ఉంటే, మూల అతుకు విడిపోయి ఉంటే, వేలితో నొక్కినా లోపలికి పోనంత గట్టిపడి ఉంటే శుభ్రం చేయడం వల్ల లాభం లేదు. చిరుగుకు జిగురు పూసినా, టేపు వేసినా ఆ చోట మందం పెరిగి పక్కన కొత్త ఖాళీ పడుతుంది. ఇలాంటప్పుడు మార్చడమే దారి. అంతకు ముందు ఒక్కటి చూడండి: కొన్ని తలుపుల్లో గ్యాస్కెట్ వెనుక అంచు గాడిలో ఇమిడి ఉంటుంది, అది ఊడి బయటికి వచ్చి ఉండవచ్చు. బొటనవేలితో మూల నుంచి మొదలుపెట్టి గాడిలోకి నొక్కుకుంటూ పోతే కూర్చుంటుంది. పాత ఫ్రిజ్‌లలో రబ్బరు పెదవి కింద స్క్రూలు ఉంటాయి. వాటిని ఒక్కసారే అన్నీ విప్పకండి, తలుపు లోపలి పలక కదిలి తలుపు వంకర అయ్యే ప్రమాదం ఉంది.

కొత్తది కొనేటప్పుడు ఫ్రిజ్ లోపలి గోడ మీద గానీ, వెనుక గానీ ఉన్న స్టిక్కరులోని మోడల్ నంబరును ఫోటో తీసి తీసుకెళ్లండి. లీటర్లు ఒకటే అయినా గాడి ఆకారం మోడల్‌ను బట్టి మారుతుంది. దానితో పాటు పాత గ్యాస్కెట్ పొడవు, వెడల్పు కొలిచి రాసుకోండి. కొత్త రబ్బరు పెట్టెలో మడిచి వస్తుంది కాబట్టి బిగించే ముందు గోరువెచ్చని నీళ్లలో కొద్దిసేపు నానబెట్టి మడతలు పోయేలా చేయాలి. బిగించిన రోజునే పరీక్షిస్తే మూలల్లో వదులు కనిపించవచ్చు. ఒక రోజు తలుపు మూసి వాడాక ఆ 16 ముక్కలతోనే చూడండి.